ఒకే పట్టిక, మూడు శాతాలు

కామర్స్ పరీక్షల్లో, పోటీ పరీక్షల్లో తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది. ఒక చిన్న సంస్థ ఏడాది లెక్క ఇస్తారు. పది పన్నెండు అంకెలకు మించి ఉండవు. దాని కింద గ్రాస్ మార్జిన్ ఎంత, నెట్ మార్జిన్ ఎంత, వినియోగించిన మూలధనంపై రాబడి ఎంత అని అడుగుతారు. చేయాల్సింది కూడికలు, తీసివేతలు, చివర్లో ఒక భాగహారం. అయినా చాలామంది ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు. కూడిక తప్పి కాదు, తీసుకోవాల్సిన వరుస తప్పి.

ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే నాలుగు ఆప్షన్లలో మూడు తప్పు అంకెలను నోటికొచ్చినట్టు రాయరు. అభ్యర్థి ఏ వరుసలో పొరబడితే ఏ జవాబు వస్తుందో ముందే లెక్కగట్టి, ఆ జవాబునే ఒక ఆప్షన్‌గా పెడతారు. మీ లెక్కకు వచ్చిన అంకె ఆప్షన్లలో కనిపించినంత మాత్రాన అది సరైనదని నమ్మడానికి లేదు. ఏ తప్పు జవాబు ఎక్కడి నుంచి పుడుతుందో తెలిస్తే సరైన జవాబు దానంతటదే తేలుతుంది.

ఒక ఊహాజనిత పచ్చళ్ల కంపెనీ లెక్క తీసుకుందాం. అంకెలన్నీ లక్షల రూపాయల్లో.

అమ్మకాలు: 78
అమ్మకాల వాపసులు: 3
ప్రారంభపు సరుకు: 5
కొనుగోళ్లు: 43
కొనుగోళ్లపై రవాణా: 4
ముగింపు సరుకు: 7
ఆఫీసు జీతాలు: 8
అద్దె: 3
ప్రకటనలు, అమ్మకాలపై రవాణా: 4
తరుగుదల: 3
దీర్ఘకాలిక రుణంపై వడ్డీ: 2
ఆదాయపు పన్ను: పన్నుకు ముందు లాభంపై 25 శాతం

మొదటి మజిలీ: గ్రాస్ మార్జిన్

గ్రాస్ మార్జిన్ అడిగేది ఒక్కటే. వంద రూపాయల సరుకు అమ్మితే, ఆ సరుకు ఖరీదు పోగా ఎంత మిగిలింది? అద్దె, జీతాలు, వడ్డీ, పన్ను ఇంకా లెక్కలోకి రావు. పాత పద్ధతిలో చెప్పాలంటే ఇది వర్తకపు ఖాతా వరకే ఉండే వ్యవహారం.

ముందు అమ్మకాలు తేల్చాలి. 78 లక్షల సరుకు బిల్లయింది కానీ 3 లక్షల సరుకు తిరిగి వచ్చింది. కాబట్టి నికర అమ్మకాలు 75. ఈ లెక్కలో మార్జిన్లన్నిటికీ ఈ 75 లక్షలే కింద ఉండే అంకె. కొనుగోలుదారు దగ్గర వసూలు చేసిన జీఎస్టీ ప్రభుత్వానికి కట్టాల్సిన సొమ్ము కాబట్టి అది అమ్మకాల్లోకి రాదు. ప్రశ్నలో పన్నుతో కలిపిన అమ్మకం ఇస్తే ముందు పన్ను తీసేయాలి.

తర్వాత అమ్మిన సరుకు ఖరీదు. ఏడాది మొదట్లో 5 లక్షల సరుకు ఉంది. 43 లక్షలకు మామిడికాయలు, కారం, నూనె, సీసాలు కొన్నారు. వాటిని ఫ్యాక్టరీకి చేర్చడానికి 4 లక్షలు అయింది. మొత్తం 52. ఇందులో 7 లక్షల సరుకు ఏడాది చివర అమ్ముడుపోకుండా ఉంది. అది ఈ ఏడాది అమ్మకాలకు చెందిన ఖర్చు కాదు కాబట్టి తీసేయాలి. మిగిలింది 45. నికర అమ్మకాలు 75, సరుకు ఖరీదు 45, స్థూల లాభం 30. ముప్పయిని 75తో భాగిస్తే 40 శాతం.

ఇప్పుడు తప్పుదారులు చూద్దాం. ముగింపు సరుకును తీసేయకుండా కలిపితే ఖరీదు 59 అవుతుంది, లాభం 16కు పడిపోతుంది, జవాబు 21.33 శాతం వస్తుంది. కొనుగోళ్లపై రవాణాను మామూలు ఖర్చనుకుని వదిలేస్తే ఖరీదు 41, లాభం 34, జవాబు 45.33. రెండు రవాణాల మధ్య తేడా ఇక్కడే తెలుస్తుంది. సరుకును లోపలికి తెచ్చుకునే రవాణా సరుకు ఖరీదులో భాగం. దాన్ని కొన్నవాడికి చేర్చే రవాణా అమ్మకపు ఖర్చు, కాబట్టి అది స్థూల లాభం తర్వాతే వస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి ఆనవాయితీ ఇంకొకటి ఉంది. ‘వేతనాలు’ అని మాత్రమే ఇస్తే సరుకు తయారీకి చెందినవిగా తీసుకుని వర్తకపు ఖాతాలో వేస్తారు. ‘జీతాలు’ అని ఇస్తే లాభనష్టాల ఖాతాలో వేస్తారు. మన లెక్కలో ఉన్నవి ఆఫీసు జీతాలు కాబట్టి వాటిని ఇక్కడ ముట్టుకోలేదు.

అన్నిటికంటే ఎక్కువమంది పడే గొయ్యి వేరే ఉంది. లాభాన్ని అమ్మకాలతో కాకుండా ఖరీదుతో భాగించడం. ముప్పయిని 45తో భాగిస్తే 66.67 శాతం. ఇది గ్రాస్ మార్జిన్ కాదు, మార్కప్. దుకాణదారు ‘దీని మీద నాకింత పడుతుంది’ అని కొన్న ధర మీద లెక్క వేసుకుంటాడు. మార్జిన్‌ను అమ్మిన ధర మీద చూడాలి. లాభం ఒకటే, కింద పెట్టిన అంకె మారింది.

దీన్ని తిప్పి కూడా అడుగుతారు. ‘ఖరీదుపై 25 శాతం లాభానికి అమ్ముతారు. అమ్మకాలపై స్థూల లాభ శాతం ఎంత?’ ఇలాంటప్పుడు ఖరీదును 100 అనుకుంటే చాలు. లాభం 25, అమ్మకం 125. ఇరవై అయిదును 125తో భాగిస్తే 20 శాతం. అదే పద్ధతిలో ఖరీదుపై 50 శాతం అంటే అమ్మకంపై మూడో వంతు, అంటే 33.33. లాభం ఉన్నంతవరకు మార్జిన్ ఎప్పుడూ మార్కప్ కంటే తక్కువే. మార్జిన్ నూరు శాతాన్ని దాటితే లెక్కలో ఎక్కడో తేడా ఉన్నట్టే. మార్కప్ మాత్రం దాటవచ్చు.

చివరి మజిలీ: నెట్ మార్జిన్

స్థూల లాభం 30 నుంచి కిందికి దిగుదాం. జీతాలు 8, అద్దె 3, ప్రకటనలు, అమ్మకాల రవాణా 4, తరుగుదల 3. అన్నీ కలిపి 18. ముప్పయిలోంచి 18 పోతే 12. ఇది నిర్వహణ లాభం. వడ్డీకీ పన్నుకూ ముందున్న లాభం ఇదే. దీన్ని పక్కన రాసి పెట్టుకోవాలి, మూడో ప్రశ్నలో దీనితోనే పని.

ఇందులోంచి వడ్డీ 2 తీసేస్తే 10. ఇది పన్నుకు ముందు లాభం. దానిపై 25 శాతం పన్ను 2.5. చివరికి మిగిలింది 7.5. దాన్ని 75తో భాగిస్తే నెట్ మార్జిన్ 10 శాతం. వంద రూపాయలు అమ్మితే యజమానులకు మిగిలేది పది రూపాయలు.

ఇక్కడి తప్పు ఆప్షన్లు ఊహించడం తేలికే. పన్ను తీయకుండా 10ని 75తో భాగిస్తే 13.33. వడ్డీ కూడా తీయకుండా 12ను భాగిస్తే 16. ఈ రెండూ వేరే పేర్లున్న అసలైన నిష్పత్తులే, అందుకే అవి నమ్మకంగా కనిపిస్తాయి. పదహారు శాతం నిర్వహణ మార్జిన్. ప్రశ్న ‘నెట్’ అంటే చివరి వరుస దాకా దిగాలి. అయితే పాత పాఠ్యపుస్తకాల్లో సొంత వ్యాపారాల లెక్కల్లో ఆదాయపు పన్ను అసలు కనిపించదు, ఎందుకంటే ఆ పన్ను యజమాని కట్టుకునేది, వ్యాపారం ఖర్చు కాదు. అక్కడ లాభనష్టాల ఖాతా చూపించే నికర లాభాన్నే తీసుకోవాలి. లేని పన్నును ఊహించి తీసేయకూడదు.

తరుగుదల గురించి ఒక మాట. దాన్ని నగదుగా ఎవరికీ చెల్లించరు కాబట్టి లాభంలో తీయనక్కర్లేదని కొందరు అనుకుంటారు. మూకుళ్లు, యంత్రాలు అరిగిపోవడం ఈ ఏడాది ఖర్చే, కాబట్టి అది నికర లాభానికి ముందు పోవాల్సిందే. నగదు ప్రవాహ పట్టికలో దాన్ని తిరిగి కలపడం వేరే ప్రశ్న.

రెండు మార్జిన్లను పక్కపక్కన పెడితే కంపెనీ గురించి ఏదో తెలుస్తుంది. గ్రాస్ మార్జిన్ 40 దగ్గరే ఉండి నెట్ మార్జిన్ 10 నుంచి 6కు పడిందంటే మామిడికాయల ధరో పచ్చడి ధరో కాదు కారణం. అద్దె, జీతాలు, వడ్డీ, పన్నుల్లో ఎక్కడో పెరిగింది. రెండూ కలిసి పడితే ముందు సరుకు ధర వైపు చూడాలి. పరీక్షల్లో ‘కారణం ఏది?’ అని అడిగే ప్రశ్నలు చాలావరకు ఈ తేడా మీదే తిరుగుతాయి.

మూడోది వేరే జాతి

వినియోగించిన మూలధనంపై రాబడిని పరీక్షల్లో ఆర్‌ఓసీఈ అంటారు. దీన్ని లాభనష్టాల పట్టిక ఒక్కదాని నుంచే చెప్పలేం. భాగహారంలో పైన ఉండే అంకె ఆ పట్టిక ఇస్తుంది, కింద ఉండేది ఆస్తి అప్పుల పట్టీ ఇస్తుంది. కాబట్టి ప్రశ్నలో ఆ వివరాలూ ఇస్తారు. మన కంపెనీకి అవి ఇలా ఉన్నాయనుకుందాం, ఇవీ లక్షల్లోనే.

వాటా మూలధనం: 20
రిజర్వులు: 10
10 శాతం దీర్ఘకాలిక రుణం: 20
ప్రస్తుత అప్పులు: 10
స్థిరాస్తులు, తరుగుదల పోగా: 36
ప్రస్తుత ఆస్తులు: ముగింపు సరుకు 7, రుణగ్రస్తులు 11, నగదు 6

వినియోగించిన మూలధనం అంటే వ్యాపారంలో దీర్ఘకాలం పనిచేస్తున్న సొమ్ము. అది ఎవరిచ్చారన్న వైపు నుంచి చూస్తే యజమానులది 30, రుణదాతది 20, మొత్తం 50. ఎక్కడ పెట్టారన్న వైపు నుంచి చూస్తే స్థిరాస్తులు 36, వాటికి నిర్వహణ మూలధనం కలపాలి. ప్రస్తుత ఆస్తులు 24లోంచి ప్రస్తుత అప్పులు 10 పోతే 14. ముప్పయి ఆరు, పద్నాలుగు కలిపితే మళ్లీ 50. రెండు దారుల్లోనూ ఒకే అంకె రావాలి. రాకపోతే లెక్క ఎక్కడో తప్పింది. సమయం ఉంటే రెండు విధాలా చేసి చూసుకోవడం మంచిది.

ఇప్పుడు పైన ఏ లాభం పెట్టాలి? ఈ ఒక్క ప్రశ్నకు కారణం తెలిస్తే సూత్రం మరచిపోయినా పని జరుగుతుంది. కింద పెట్టిన 50 లక్షల్లో రుణదాత సొమ్ము కూడా ఉంది. ఆ సొమ్ము సంపాదించిన దాంట్లోంచే అతనికి 2 లక్షల వడ్డీ వెళ్లింది. వడ్డీ తీసేసిన లాభాన్ని పైన పెడితే, కింద అతని సొమ్మును లెక్కలోకి తీసుకుని పైన అతని వాటాను వదిలేసినట్టవుతుంది. అందుకే వడ్డీకి ముందు లాభం తీసుకోవాలి. వడ్డీ ఎంత ఉంటే పన్ను అంత తగ్గుతుంది కాబట్టి పన్నునూ తీయరు. మన లెక్కలో ఆ లాభం 12. పన్నెండును 50తో భాగిస్తే 24 శాతం.

ఈ తర్కం నిజమో కాదో ఒక చిన్న మార్పుతో పరీక్షించవచ్చు. ఇదే కంపెనీ అప్పు చేయకుండా 50 లక్షలూ యజమానులే పెట్టారనుకోండి. పచ్చళ్లు అవే, అమ్మకాలు అవే, ఖర్చులు అవే. వడ్డీ లేదు కాబట్టి పన్నుకు ముందు లాభం 12, పన్ను 3, నికర లాభం 9. నెట్ మార్జిన్ 10 నుంచి 12 శాతానికి పెరిగింది. ఆర్‌ఓసీఈ మాత్రం 24 దగ్గరే నిలిచింది. వ్యాపారం ఎంత బాగా సొమ్మును వాడుకుంటోందో అది చెబుతుంది. ఆ సొమ్ము ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్నది దానికి పట్టదు.

తప్పు ఆప్షన్లు ఇక్కడ ఎక్కువ. నికర లాభం 7.5ను 50తో భాగిస్తే 15. అదే 7.5ను యజమానుల 30తో భాగిస్తే 25. ఇది యజమానుల సొమ్ముపై రాబడి, వేరే నిష్పత్తి. పన్నెండును మొత్తం ఆస్తులు 60తో భాగిస్తే 20. ప్రస్తుత అప్పులు తీయడం మరచిపోతే వచ్చే జవాబు ఇదే. పన్నెండును 30తో భాగిస్తే 40. గ్రాస్ మార్జిన్ కూడా 40 కాబట్టి హడావుడిలో ఆ అంకె చూసి మోసపోయే అవకాశం ఇంకా ఎక్కువ.

కొన్ని ప్రశ్నల్లో నిర్వహణ లాభం నేరుగా ఇవ్వరు. పన్ను తర్వాత లాభం 7.5, పన్ను రేటు 25 శాతం, రుణం 20 లక్షలు 10 శాతం వడ్డీకి అని మాత్రం ఇస్తారు. అప్పుడు కింది నుంచి పైకి ఎక్కాలి. పన్ను తర్వాత మిగిలిన 7.5 అంటే పన్నుకు ముందు లాభంలో 75 శాతం. కాబట్టి 7.5ను 0.75తో భాగిస్తే 10 వస్తుంది. వడ్డీ 2 కలిపితే 12. చాలామంది 7.5 మీదే 25 శాతం కట్టి 1.875 కలిపేస్తారు. అప్పుడు 9.375 వస్తుంది, అక్కడి నుంచి అన్నీ తప్పే. పన్ను రేటు ఎప్పుడూ పన్నుకు ముందున్న లాభం మీద వేసేది, మిగిలిన దాని మీద కాదు.

జవాబు సరిచూసుకోవడానికి ఒక మంచి మార్గం ఉంది. నిర్వహణ మార్జిన్‌ను, మూలధనం ఎన్నిసార్లు అమ్మకాలుగా తిరిగిందో ఆ సంఖ్యతో గుణిస్తే ఆర్‌ఓసీఈ రావాలి. మన కంపెనీకి నిర్వహణ మార్జిన్ 16 శాతం. 75ను 50తో భాగిస్తే మూలధనం ఒకటిన్నర సార్లు తిరిగింది. పదహారును 1.5తో గుణిస్తే 24. తక్కువ మార్జిన్‌తో అమ్మే కిరాణా కొట్టు కూడా మంచి రాబడి ఎలా సంపాదిస్తుందో ఈ గుణకారమే చెబుతుంది. అక్కడ మార్జిన్ చిన్నదైనా సొమ్ము చాలాసార్లు తిరుగుతుంది.

నిర్వచనం మారే చోట్లు

రెండు మార్జిన్లలో పుస్తకానికీ పుస్తకానికీ పెద్దగా తేడా ఉండదు. ఆర్‌ఓసీఈలో ఉంటుంది. కొందరు ఏడాది చివరి మూలధనం తీసుకుంటారు, కొందరు మొదలు, చివరల సగటు తీసుకుంటారు. మన కంపెనీ మూలధనం ఏడాది మొదట్లో 46 అని కూడా ఇచ్చి సగటు వాడమంటే కింది అంకె 48, జవాబు 25 శాతం అవుతుంది. రెండు ఏడాదుల అంకెలు ఇచ్చారంటే వాటిని ఎందుకిచ్చారో ఒకసారి ఆలోచించాలి. కంపెనీ సొమ్ములో కొంత వ్యాపారంతో సంబంధం లేని బాండ్లలో ఉంటే ఆ బాండ్లను మూలధనంలోంచి, వాటిపై వచ్చిన ఆదాయాన్ని లాభంలోంచి తీసేయడం పాఠ్యపుస్తకాల పద్ధతి. ఒకటి తీసి ఇంకొకటి ఉంచితే పైకీ కిందికీ పొంతన కుదరదు.

అసలు కంపెనీల వార్షిక నివేదికలు చదివేటప్పుడు ఇంకో సంగతి గమనించాలి. 2013 కంపెనీల చట్టం మూడో షెడ్యూలు ప్రకారం తయారయ్యే లాభనష్టాల పట్టికలో స్థూల లాభం అనే వరుసే ఉండదు. వాడిన ముడిసరుకు, కొన్న సరుకు, నిల్వల్లో మార్పు, ఉద్యోగుల ఖర్చు, ఫైనాన్స్ ఖర్చులు, తరుగుదల అని ఖర్చు స్వభావాన్ని బట్టి వరుసలుంటాయి. గ్రాస్ మార్జిన్ కావాలంటే వాటిలోంచి మనమే కూర్చుకోవాలి. 2021 మార్చిలో ఈ షెడ్యూలుకు చేసిన సవరణతో కంపెనీలు 11 నిష్పత్తులను నివేదికలో వెల్లడించాల్సి వచ్చింది. నికర లాభ నిష్పత్తి, ఆర్‌ఓసీఈ ఆ జాబితాలో ఉన్నాయి, స్థూల లాభ నిష్పత్తి లేదు. గత ఏడాదితో పోలిస్తే ఏ నిష్పత్తయినా 25 శాతానికి మించి మారితే కారణం కూడా రాయాలి. ఆ నివేదికల్లో వినియోగించిన మూలధనాన్ని యజమానుల నికర సంపదకు మొత్తం అప్పును కలిపి లెక్కగట్టడం పరిపాటి. అందులో స్వల్పకాలిక బ్యాంకు అప్పు కూడా చేరుతుంది. కాబట్టి పాఠ్యపుస్తకం సూత్రంతో మీరు కట్టిన అంకె, కంపెనీ అచ్చువేసిన అంకె ఒకటే కాకపోవచ్చు.

పరీక్షలో ప్రశ్నే నిర్వచనం ఇస్తే మీకు తెలిసిన సూత్రాన్ని పక్కనపెట్టి దాన్నే పాటించండి. ఇవ్వకపోతే వడ్డీకీ పన్నుకూ ముందు లాభాన్ని, యజమానుల సొమ్ముకు దీర్ఘకాలిక రుణాలు కలిపి వచ్చిన మొత్తంతో భాగించండి. ఆప్షన్ల వైపు చూసే ముందే పైన ఏ లాభం, కింద ఏ మొత్తం అన్నది కాగితం మీద మాటల్లో రాసుకోండి. అంకెలు ఆ తర్వాత వేయండి.